మోటర్ దుకాణంలో ‘గిదే’ సౌండు

మా దుకాణం బాన్సువాడ బస్టాండు వెనక సందులో ఉంటుంది. కాలిపోయిన బోరు మోటర్లకు కొత్త వైండింగ్ చేసి ఇస్తాం. దుకాణంలో ఎవరి చోటు వాళ్లది. వాకిట్లో చెక్క కుర్చీ బాపుది, అంటే మా నాన్నది. లోపల వైండింగ్ స్టాండు ముందున్న పీట నాది, దాని మీద ఇంకొకరు కూర్చుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మోటర్లు మోసుకెళ్లి పొలాల్లో దించి వచ్చే పని తమ్ముడిది, వాడి చోటు బండి సీటు. నిరుడు తమ్ముడిని పెళ్లాడి వచ్చిన మా మరదలికి మాత్రం అక్కడ ఏ చోటూ లేదు. డిగ్రీ చదివింది, చురుకైన పిల్ల. ఇంట్లో కూర్చోలేక దుకాణానికి వచ్చేది. వచ్చి నిలబడేది. మోటర్లు, రాగి తీగ చుట్టలు, గ్రీజు డబ్బాల నడుమ కుర్చీ వేయడానికి జాగా లేదని బాపు అనేవాడు. జాగా లేకపోవడం నిజమే కానీ, ఎవరైనా రైతు వస్తే కుర్చీ ఎలాగో ఒకలాగ పుట్టుకొచ్చేది.

నిలబడి నిలబడి ఆ పిల్ల ఫోన్ తీసింది. దుకాణానికి ఒక పేజీ పెట్టింది. నేను తీగ చుట్టడం, కాలిన వైండింగ్‌ను బయటికి లాగడం, తమ్ముడు బేరింగు మార్చడం అన్నీ చిన్న చిన్న రీల్స్‌గా పెట్టేది. మెయిన్ రోడ్డు మీద గాజు తలుపులతో కొత్త మోటర్ దుకాణం తెరిచాక మా సందులోకి వచ్చే రైతులు కాస్త పలచబడ్డారు. పేజీ చూసి నలుగురు వస్తే అది తన పని అవుతుందని ఆ పిల్ల ఆశ. నోటితో చెప్పలేదు కానీ నాకు తెలుసు. పుట్టింటి దుకాణంలో పని చేస్తున్నా, నేనూ ఒక ఇంటికి కోడలినే.

బాపుకు ఆ ఫోన్ పొడ గిట్టేది కాదు. “మోటర్ ఫోన్ల దిరుగుతదా బిడ్డా, బాయిల దిరుగుతది” అనేవాడు. “తిరుగుతది మామా, చూస్తుండు” అని ఆమె నవ్వేది.

అప్పుడు వచ్చింది, అందరూ తమ రీల్స్‌కు పెట్టుకునే ఆ సౌండు. ఎవరో పెద్దామె గొంతు. ముందు డప్పు మీద ఒక్క దెబ్బ. తర్వాత విసుగ్గా “గిది గాదు”. కాస్త ఆగి, ఇంకా విసుగ్గా “గిది గూడ గాదు”. ఆ తర్వాత ఏమీ ఉండదు, ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ వెంటనే “ఆఁ… గిదే!” అని గొంతు విచ్చుకుంటుంది, తీన్‌మార్ దరువు మొదలవుతుంది. వినగానే కాళ్లు ఊరుకోవు. ఊరంతా అదే. చీరల దుకాణం వాళ్లు రెండు చీరలు పక్కన పడేసి మూడోది భుజాన వేసుకుంటారు. పెళ్లిచూపుల వేషం వేసిన పిల్లలు ఇద్దరు పెళ్లికొడుకులను వద్దంటారు. స్వీట్ల దుకాణం వాళ్లు కూడా ఏదో చేశారు. మా మరదలు ఆ సౌండు పేరు పక్కన పైకి చూపే చిన్న బాణం చూపించింది. బాణం ఉందంటే ఇంకా పైకి పోతోందని అర్థమట. షాపు ఖాతాలకు సినిమా పాటలు చాలావరకు దొరకవు, ఇది ఎవరో సొంతంగా చేసిన గొంతు కాబట్టి మనకూ దొరికిందని ఆనందపడింది.

“వారం పది దినాలల్ల సల్లవడుతది వదినా. గంతల్నే జెయ్యాలె” అంది.

ఆ తొందరలోనే పుట్టింది ఆ సౌండు మీద మా మొదటి రీలు. దాని కథ రాసింది తమ్ముడు. వాడికి ఆ రోజు పని లేదు, పని లేనప్పుడు వాడికి ఆలోచనలు వస్తాయి. దుకాణం ముందు మూడు మోటర్లు నిలబెట్టాడు. తుప్పు పట్టిన దాని ముందు నిలబడి వేలు ఊపుతూ “గిది గాదు” అన్నట్టు పెదాలు కదపాలి. రెండోదాని ముందు “గిది గూడ గాదు”. మూడోది మేం వైండింగ్ చేసి తుడిచి మెరిపించినది. దాన్ని కౌగిలించుకుని “గిదే”. మీసాలున్న మా తమ్ముడి నోట్లోంచి పెద్దామె గొంతు! పెదాలు ఒకచోట, మాట ఇంకోచోట. పైగా దుకాణం గురించి చెప్పాల్సిందంతా అక్కడే చెప్పాలని అసలు రాగి, గ్యారంటీ, సరసమైన ధర, బస్టాండు వెనక సందు అని తెర నిండా అక్షరాలు పోశారు. చదవడం మొదలుపెట్టేలోపు తీన్‌మార్ అయిపోతోంది. మా మరదలికి లోపల నచ్చలేదు. “ఏదో గుచ్చినట్టున్నది వదినా, అతుకుతలేదు” అని గొణిగింది. కానీ బాణం ఇంకా పైకే చూస్తోంది కదా, పెట్టేసింది.

అతకకపోవడానికి కారణం నాకు ఇప్పుడు తెలుసు. చీరను ఎంచుకుంటారు. మోటర్‌ను ఎవరు ఎంచుకుంటారు? రైతు తన దగ్గర ఉన్నదాన్నే, కాలినదాన్నే, భుజం మీద మోసుకొచ్చి మా ముందు దించుతాడు. దాన్ని బతికించమంటాడు. మా దుకాణంలో “గిది గాదు” అనే మాటకే తావు లేదు. ఆ మాటను బలవంతంగా తీసుకొచ్చి పెట్టాం.

అసలు చిక్కు ఇంకోటి ఉంది, అది మా వృత్తిలో తప్ప ఇంకెక్కడా జరగదు. మోటర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. దుకాణంలో కలిసిపోకుండా ప్రతి రైతూ తన మోటర్‌కు ఏదో ఒక రంగు గుర్తు వేసుకుంటాడు. ఒకరిది ఎర్ర చుక్క, ఒకరిది తెల్ల గీత. వాళ్ల ఊళ్లో ఆ గుర్తు మనిషి ముఖంతో సమానం. తమ్ముడు వేలు ఊపిన ఆ తుప్పు మోటర్‌కు రెండు పసుపు గీతలున్నాయి. ట్రాక్టర్ ట్రాలీకి వేయగా మిగిలిన రంగు అది. పెద్ద కొడప్‌గల్ వైపు చెరకు వేసే ఒక పటేల్‌ది. మా తాత కాలం నుంచి మా దగ్గరికే వచ్చే ఇల్లు. వైండింగ్ కోసం వచ్చి వరుసలో నిలబడి ఉంది, వీడు దాన్నే పట్టుకుని నాటకం ఆడాడు.

రెండు రోజులకు పటేల్ వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“మేస్త్రీ, నా మోటర్ ఏం పాపం జేసిందే?”

బాపు అర్థం కాక చూశాడు.

“నీ కొడుకు ఫోన్ల నా మోటర్‌ను గిది గాదు అన్నడు. ఊర్ల పిల్లగాండ్లు నేను బండి మీద బోతుంటె ఎన్కసీరి గిది గాదు, గిది గూడ గాదు అని ఒర్రుతుండ్రు. మా అవ్వ గూడ నవ్వుతుంది. ఇజ్జత్ మొత్తం దీసిన్రు గదనే!”

తమ్ముడు అప్పటికే బండి స్టార్టు చేసుకుని మాయమయ్యాడు. మరదలు గోడకు అతుక్కుపోయింది. పటేల్ మోటర్ అప్పటికే విప్పి, పాత తీగ లాగేసి, సగం కొత్త తీగ చుట్టి నా స్టాండు మీద ఉంది. లేకపోతే అప్పుడే ఎత్తుకుపోయేవాడు. “సగం ఐంది గాబట్టి ఊకుంటున్న. దించి పొండ్రి. ఇగ మల్ల మీ దుకాణం మొఖం జూడ” అని వెళ్లిపోయాడు.

ఒక పటేల్ పోతే పోయాడని ఊరుకునే వ్యవహారం కాదు. ఆయన మోటర్ ఎక్కడికి తీసుకెళ్తే ఆ చుట్టుపక్కల వాళ్లంతా అక్కడికే తీసుకెళ్తారు. బాపు ఆ సాయంత్రం అరవలేదు. అరిస్తే బాగుండేది. మెల్లగా అన్నాడు, “బిడ్డా, ఇగ ఫోన్ బంద్ జేయ్. ఇంట్ల ఉండు. పటేల్ తాన మోటర్ దించేనాడు వచ్చి ఒక్క మాట జెప్పు, తప్పైంది అని. అంతే.” ఆ పిల్ల తల ఊపింది. రీలును పేజీలోంచి అప్పటికే తీసేసింది. ముఖం చూడలేక నేను తీగ చుట్టుకుంటూ కూర్చున్నాను. తమ్ముడు రాసిన కథకు శిక్ష ఆమెకు పడింది. ఆ మాట గట్టిగానే అన్నాను, బాపు విననట్టు దుకాణం కట్టేసే పనిలో పడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మోటర్ దించే రోజు నలుగురం వెళ్లాం. నేను వెళ్లాల్సిన పని లేదు, మరదలి కోసం వెళ్లాను. పటేల్ చెరకు చేను గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఆ పిల్ల దగ్గరికెళ్లి “తప్పైంది పెద్దనాయనా” అంది. ఆయన “ఆఁ, ఆఁ” అని చెయ్యి ఊపి అటు తిరిగాడు.

ఇక పని మొదలైంది. మూడు కాళ్ల స్టాండు వేసి, గొలుసు కప్పీతో మోటర్‌ను పైపుతో సహా బోరులోకి దించారు. రెండు పసుపు గీతలు గొట్టంలోకి దిగిపోవడం చూశాను. కొత్త తీగ చుట్టాను కానీ ఆ గీతలను మాత్రం నేను చెరపలేదు. మోటర్ దించడం మొదలుపెట్టకముందే మరదలు ఫోన్ బయటికి తీసింది. నేను కంగారుపడ్డాను. కానీ అది రీలు కోసం కాదు. మోటర్ దించిన ప్రతిసారీ మొదటి నుంచి నీళ్లు పడేదాకా వీడియో తీసి పెట్టుకోవడం మా దుకాణం అలవాటు. రేపు గ్యారంటీ మాట వస్తే చూపించడానికి. ఆ పని ఎప్పుడూ తమ్ముడు చేసేవాడు, ఈసారి వాడి చేతులు ఖాళీ లేవు. ఆమె గట్టు మీద ఒక్కచోట నిలబడి, కదలకుండా తీసింది.

స్టార్టర్ డబ్బా చేను అవతల స్తంభం దగ్గర ఉంది, అక్కడ తమ్ముడు. బోరు దగ్గర బాపు. ఇద్దరికీ మధ్య బోలెడు దూరం మోకాలెత్తు చెరకు. ఒకరి మాట ఒకరికి వినబడదు, చేతులు తడిగా ఉంటాయి కాబట్టి ఫోన్లు ముట్టరు. అంతా చేతి సైగలే. బాపు అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆపమని. చూపుడు వేలు గాల్లో ఉల్టా తిప్పితే మోటర్ తిరగబడి తిరుగుతోందని, ఫేజు మార్చమని. తలమీది తువాల తీసి పైకెత్తితే అంతా సరిగ్గా ఉందని. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే, ఎన్నడూ వాటిని ప్రత్యేకంగా పట్టించుకోలేదు.

తమ్ముడు మీట నొక్కాడు. బాపు పైపు మీద చెయ్యి పెట్టి చూశాడు. కదలిక లేదు. అరచెయ్యి అడ్డంగా ఊపాడు.

గట్టు మీద పటేల్ పళ్లు కొరికి, “గిది గాదు” అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు.

స్టార్టర్‌లో ఒక వైరు వదులుగా ఉందట, ఒక ఫేజు అందడం లేదు. బిగించి మళ్లీ వేశాడు. ఈసారి మోటర్ తిరిగింది, పైపు మూతి దగ్గర నీళ్లు వచ్చాయి. వచ్చాయంటే వచ్చాయి, పిల్లలు ఉచ్చ పోసినట్టు సన్నగా. బాపు వేలు గాల్లో ఉల్టా తిప్పాడు.

“గిది గూడ గాదు” అన్నాడు పటేల్, ఇంకా గట్టిగా.

నేను మరదలి వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. అచ్చం ఆ సౌండు వరుసే అని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నాకు నవ్వు, ఆ పిల్ల కళ్లలో మాత్రం ఇంకేదో. ఫోన్ పట్టుకున్న చెయ్యి కదల్లేదు.

మూడు ఫేజుల మోటర్‌కు ఏ రెండు వైర్లు తారుమారైనా అది వెనక్కి తిరుగుతుంది. కొత్తగా వైండింగ్ చేసి దించినప్పుడు ఇది మామూలే, తప్పు కాదు. రెండు వైర్లు అటుదిటు మారిస్తే చాలు. తమ్ముడు కరెంటు కట్టేసి ఆ పని చేస్తున్నంతసేపూ చేను నిశ్శబ్దంగా ఉంది. తర్వాత స్టార్టర్ టక్కుమంది. పైపు ఒక్కసారి వణికింది, గాలి దగ్గింది, ఆ వెనకే నీళ్లు దూకాయి. బాపు తడిసి ముద్దయ్యాడు. తువాల పీకి పైకెత్తి ఊపాడు, నీళ్లు కారుతున్న తువాల. పటేల్ గట్టు మీదినుంచి లేచి నిలబడి “ఆఁ…” అన్నాడు. మిగతా మాట మింగేశాడు.

ఇంటికి వచ్చాక మరదలు వంటింట్లో బియ్యం డబ్బా మీద కూర్చుని ఆ వీడియో ముందేసుకుంది. నేను ఉల్లిగడ్డ కోస్తూ చూశాను. కొత్తగా ఏమీ తీయలేదు, ఎవరి చేతా ఏమీ అనిపించలేదు. పొడవైన వీడియోలోంచి మూడు ముక్కలు తీసింది. బాపు అరచెయ్యి ఊపడం “గాదు” మీద పడేలా కోసింది. వేలు తిప్పడం “గూడ గాదు” మీద. సౌండులో ఉన్న ఆ నిశ్శబ్దంలో తమ్ముడు దూరంగా డబ్బా మీద వంగి ఉన్న ముక్క. “గిదే” దగ్గర నీళ్లు, తీన్‌మార్ మొత్తం తువాల. నీళ్ల అసలు చప్పుడును తీసేయకుండా సన్నగా కింద ఉంచింది. పెదాలు కదపాల్సిన పనే లేదు, బాపు చెయ్యే మాట్లాడుతోంది. తెర మీద ఒకే ఒక్క వాక్యం పెట్టింది: నీళ్లు సన్నగా వస్తున్నాయా, మోటర్ ఉల్టా తిరుగుతుందేమో చూపించుకోండి.

“ముందుగాల మనం సౌండ్ల మాటలు జూసినం వదినా,” అంది. “దాని నడక జూడలే. రెండుసార్లు ‘గాదు’, ఒక్కపారి ఆగుడు, అటెన్క ‘గిదే’. గా నడక మామ పనిల ఉన్నది. మనం ఏం గుచ్చుడు అక్కర లేకుండె.”

“పెట్టు మరి” అన్నాను.

“మామ బంద్ జెయ్యమన్నడు. పటేల్ చేను గది. అడగకుంట ఎట్ల పెడత?”

బాపుకు నేనే చూపించాను, ఆ పిల్లకు ధైర్యం చాలక. ఆయన తన చెయ్యి తాను మొదటిసారి చూసుకున్నాడు. రెండుసార్లు చూశాడు. ఫోన్ తిరిగి ఇచ్చి, తన ఫోన్‌లో పటేల్ నంబరు కలిపాడు. “పటేలా, అంగడికి వస్తె ఒక్కసారి దుకాణం దిక్కు రా. చాయ తాగి పో” అన్నాడు. ఈసారి వస్తాడో రాడో అని మేం ముగ్గురం రెండు రోజులు వాకిలి చూసుకుంటూ గడిపాం.

సంత జరిగే అంగడి రోజు వచ్చాడు. కూర్చోకుండానే ఫోన్ అందుకున్నాడు. ముఖంలో ఏమీ కనబడలేదు. ఇంకోసారి చూశాడు. మరదలు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

“గిదెవలి మోటర్?” అన్నాడు చివరికి.

“నీదే పటేలా.”

“నాదని ఎట్ల తెలుస్తది? నా గీతలు ఏవి?”

ఆయన మనసు మళ్లీ నొచ్చుకుంటుందని ఆ పిల్ల పసుపు గీతలు ఎక్కడా కనబడకుండా జాగ్రత్తగా కోసింది. అదే చెప్పింది. పటేల్ తల అడ్డంగా ఊపాడు.

“గీతలు ‘గిది గాదు’ అన్న కాడ కనవడ్డయి, ‘గిదే’ అన్న కాడ కనవడొద్దా? ఊర్ల నోర్లు మూయాల్నంటె గవి ఉండాలె. లేకుంటె పెట్టకు.”

మరదలు అక్కడే నిలబడి ఫోన్ మీద వేళ్లు ఆడించింది. సౌండు మొదట్లో ఒక్క డప్పు దెబ్బ ఉంది కదా, మాట రాకముందు. ఆ దెబ్బకు మోటర్ బోరులోకి దిగుతున్న ముక్క అతికింది, పసుపు గీతలు నిండుగా. ఇరికించినట్టు లేదు. ఆ చోటు దాని కోసమే ఖాళీగా ఉన్నట్టుంది. చూసి పటేల్ మొదటిసారి నవ్వాడు. “గిదే” అని ఫోన్ ఆమె చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, చాయ ఏదని అడిగాడు.

రీలు చీరల దుకాణం వాళ్లదంత దూరం పోలేదు. నాకు ఆ లెక్కలు తెలియవు, అడగలేదు కూడా. కానీ పోవాల్సిన చోటికి పోయింది. పటేల్ ఊళ్లో పిల్లలు ఇప్పుడు ఆయన బండి కనబడితే తువాల ఊపుతున్నారట, ఆయనే వచ్చి గర్వంగా చెప్పాడు. వర్ని నుంచి ఒకాయన ఫోన్ చేసి, “మా మోటరుకి కూడా నీళ్లు సన్నగా వస్తున్నాయండి, ఉల్టా తిరుగుతున్నట్టుంది, ఎవరినైనా పంపుతారా?” అన్నాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ల మాటతీరు. ఫోన్ ఎత్తింది మరదలే. ఊరు, బోరు లోతు, మోటర్ ఎన్ని హెచ్‌పీ, అన్నీ అడిగి తెలుసుకుంది. బాపు ఒక చెవి అటే వేసి వింటున్నాడు.

ఆ మర్నాడు నేను దుకాణం తెరిచేసరికి బాపు నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. కొత్త ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పట్టుకుని నిలబడ్డాడు. తీగ చుట్టలు జరిపి గోడ పక్కన వేశాడు, తల అడ్డంగా ఊపి తీసేశాడు. నా స్టాండు పక్కన వేశాడు. నేను గుర్రుగా చూశాను, అక్కడినుంచీ తీసేశాడు. ఇంతలో మరదలు వచ్చి గడపలో ఆగింది. బాపు కాసేపు కుర్చీ చేతుల్లో పట్టుకుని చుట్టూ చూశాడు. తర్వాత వాకిట్లో, తన చెక్క కుర్చీని ఇంత పక్కకు జరిపి, దాని పక్కన వేశాడు. తలమీది తువాలతో దుమ్ము తుడిచి, ఆ తువాల అలాగే పైకెత్తి ఆమె వైపు చూశాడు.

ఆ పిల్ల వచ్చి కూర్చుంది. ఆ రోజు ఫోన్ బయటికి తీయలేదు.